గోడ మీది హ్యాండ్‌వాష్ డబ్బా అడుగున మిగిలే ఆ కాస్త

ఒకరు వాడిన సబ్బు ఇంకొకరు ముట్టకూడదనే పట్టింపు మన ఇళ్ళలో పాతదే. ఊరెళ్ళేటప్పుడు బట్టల మధ్య సొంత సబ్బు పెట్టె సర్దుకునే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. హోటల్లో చేతులు కడిగే చోట నలుగురు రుద్ది వదిలేసిన సబ్బు ముక్క కనిపిస్తే ఒట్టి నీళ్ళతో చెయ్యి తడుపుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారు. గోడకి బిగించిన లిక్విడ్ సోప్ డిస్పెన్సర్ ఈ పట్టింపుకి సరైన జవాబులా వచ్చింది. సబ్బుని ఎవరూ తాకరు, నొక్కితే అరచేతిలో పడుతుంది. కరోనా తర్వాత టిఫిన్ సెంటర్ల నుంచి ఫంక్షన్ హాళ్ళ దాకా అది లేని గోడ అరుదైపోయింది. సబ్బు బిళ్ళ మురికిదనీ, డిస్పెన్సర్ శుభ్రమైనదనీ ఇక ఎవరికీ అనుమానం లేదు.

నాకు ఉంది. హాస్పిటల్ హౌస్‌కీపింగ్‌లో పనిచేస్తూ ఈ డబ్బాలని లోపలి నుంచి చూస్తుంటాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. మన దగ్గర ఎక్కువగా కనిపించేది మూత తీసి పై నుంచి పోసి నింపే డబ్బా. దాన్ని మన దగ్గర నింపే పద్ధతిలో నింపితే, కింద చిల్లులున్న స్టాండులో ఆరిన సబ్బు బిళ్ళ కంటే అదే మురికిది.

ముందు సబ్బు బిళ్ళ సంగతి. వాడిన సబ్బు మీద బ్యాక్టీరియా ఉంటుంది, అందులో వివాదం లేదు. తేల్చుకోవాల్సింది అది తర్వాత కడుక్కునే మనిషి చేతికి ఎక్కుతుందా అన్నది. 1988లో హైంజ్, యాకోవిచ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. సబ్బు బిళ్ళల మీద కావాలనే ఇ.కోలై, సూడోమోనాస్ బ్యాక్టీరియా పట్టించారు. వాడిన సబ్బుల మీద మామూలుగా కనిపించే దానికి దాదాపు 70 రెట్లు ఎక్కువ పట్టించి, 16 మందితో వాటితోనే చేతులు కడిగించారు. కడిగిన తర్వాత ఒక్కరి చేతిమీద కూడా ఆ బ్యాక్టీరియా గుర్తించదగినంత దొరకలేదు.

ఆ పరిశోధకులు ఒక సబ్బు కంపెనీకి పనిచేసేవాళ్ళు, ఆ సంగతి కూడా తెలిసి ఉండాలి. అయినా ఫలితాన్ని నేను నమ్ముతాను, ఎందుకంటే అలా జరగడానికి కారణం కళ్ళ ముందే ఉంది. సబ్బు బిళ్ళకి క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. మన చర్మం మీదా, మురుగు నీళ్ళలోనూ హాయిగా బతికే చాలా సూక్ష్మజీవులకి అది పడదు. అంతకంటే ముఖ్యంగా, బిళ్ళలో నీరు నిలవ ఉండే చోటు లేదు. మురికి ఏదైనా పై పొర మీదే ఉంటుంది. రుద్దినప్పుడు ఆ పొరే కరిగి నురగై నీళ్ళతో పోతుంది. ఇంకా అనుమానం ఉన్నవాళ్ళు కుళాయి కింద బిళ్ళని ఒకసారి తిప్పి, తర్వాత రుద్దుకుంటే సరిపోతుంది.

బిళ్ళకి అసలు శత్రువు స్టాండు. అడుగున చిల్లులేని పింగాణీ గిన్నెలోనో, టైల్స్ వేసేటప్పుడు గోడలో కట్టించిన చదునైన అరలోనో పెడితే సబ్బు తన నీళ్ళలో తనే నానుతుంది. అడుగున జిగురులాంటి ముద్ద తయారవుతుంది. ఆ ముద్ద ఎప్పుడూ ఆరదు, చేతుల నుంచి రాలిన మురికీ చర్మపు పొట్టూ అందులోనే ఉంటాయి. జనం సబ్బుని అసహ్యించుకునేది ఈ ముద్దని చూసే, అందులో తప్పు లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2002లో ఆసుపత్రులకి ఇచ్చిన చేతుల శుభ్రత మార్గదర్శకాలు కూడా సబ్బు బిళ్ళని నిషేధించలేదు. బిళ్ళ వాడితే చిన్న బిళ్ళలు వాడమనీ, నీరు కారిపోయే స్టాండు పెట్టమనీ చెప్పాయి.

ఇప్పుడు డిస్పెన్సర్. దీని గురించి మాట్లాడేటప్పుడు రెండు వేర్వేరు వస్తువులని ఒకటే అనుకుంటున్నాం. ఒకటి సీలు వేసిన సంచీ ఉండే రకం. సంచీకే దాని పంపూ నోరూ అతికించి ఉంటాయి. అయిపోగానే మొత్తం తీసి పారేసి కొత్తది పెడతారు, లోపలి సబ్బుకి బయటి గాలీ చెయ్యీ తగలవు. రెండోది మూత తీసి డబ్బాలోంచి పోసే రకం. పంపూ గిన్నే ఏళ్ళ తరబడి అవే ఉంటాయి. మన గోడల మీద ఉన్నవి దాదాపు అన్నీ రెండోవే, ఎందుకంటే ఐదు లీటర్ల క్యాను కొనుక్కొచ్చి ఎన్ని డబ్బాలైనా నింపుకోవచ్చు.

ఈ రెండో రకం మీద 2011లో జాప్కా, ఆమె సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో ఒక ప్రాథమిక పాఠశాలలో పోసి నింపే డిస్పెన్సర్లు 14 ఉంటే, పద్నాలుగింటిలోనూ సబ్బు కలుషితమై ఉంది. పిల్లలూ సిబ్బందీ ఆ సబ్బుతో చేతులు కడుక్కున్న తర్వాత, వాళ్ళ చేతులమీద గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా, అంటే ఇ.కోలై, సూడోమోనాస్ లాంటివి ఉండే కోవ, కడగకముందు కంటే 26 రెట్లు పెరిగింది. అంటే ఈ ఒక్క లెక్కలో కడుక్కోకపోతేనే నయం అన్నమాట. తర్వాత అదే బడిలో సీలు సంచీల డిస్పెన్సర్లు బిగించారు. ఏడాది తర్వాత చూస్తే వాటిలో ఒక్కటీ కలుషితం కాలేదు. ఈ పరిశోధకుల్లోనూ డిస్పెన్సర్లు అమ్మే ఒక కంపెనీ మనుషులు ఉన్నారు, సీలు సంచీలు అమ్ముకోవడం వాళ్ళకి లాభం. అందుకే దీన్ని కూడా కారణంతో కలిపి చూడాలి.

బిళ్ళలో లేనిది లిక్విడ్‌లో ఉంది, అది నీళ్ళు. హ్యాండ్‌వాష్‌లో సింహభాగం నీళ్ళే. చేతికి మెత్తగా ఉండాలని దాని పీహెచ్‌ని చాలావరకు చర్మానికి దగ్గరగా ఉంచుతారు కాబట్టి బ్యాక్టీరియాకి అది పెద్ద ఇబ్బంది కాదు. దాన్ని కాపాడేది కంపెనీ కొలిచి కలిపిన ప్రిజర్వేటివ్ ఒక్కటే. సీలు తీసి, దుమ్ము పడిన మూత తెరిచి, తడి చేత్తో పోసి, నెలల తరబడి నిలవ ఉంచితే ఆ కాస్త మందు ఎన్నాళ్ళని కాపలా కాస్తుంది? సూడోమోనాస్, సెరాషియా, క్లెబ్సియెల్లా లాంటివి ఇలాంటి పలచటి తడిలో బతకడం నేర్చినవి. ప్లాస్టిక్ గోడకి, పంపు గొట్టానికి సన్నని జిగట పొరలా అంటుకుని ఆ పొర చాటున పెరుగుతాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు.

ఇక అడుగున మిగిలేదాని సంగతి. హౌస్‌కీపింగ్ వాళ్ళు డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగరు. ఖాళీగా కనిపిస్తే మాట పడేది వాళ్ళే కాబట్టి, ఒక వేలు లోతు సబ్బు ఉండగానే పై నుంచి పోసేస్తారు. పెరుగు గిన్నె కడక్కుండా అందులోనే మళ్ళీ పాలు పోస్తే ఏమవుతుందో మన ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడా అంతే, అడుగున మిగిలిన పాత సబ్బు కొత్త సబ్బుకి తోడు పడుతుంది. ఇలా ఏడాదిపాటు జరిగిన డబ్బాలో మొదటి రోజు సబ్బు కొంత ఇంకా ఉన్నట్టే. సగం నిండిన డిస్పెన్సర్లో కొత్త సబ్బు కలపొద్దని 2002 నాటి సీడీసీ మార్గదర్శకాలు చెప్పాయి, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెప్పింది. నవజాత శిశువుల వార్డుల్లో సెరాషియా ఇన్ఫెక్షన్ ఎక్కడి నుంచి వస్తోందని వెతుక్కుంటూ వెళ్ళి, చివరికి లిక్విడ్ సబ్బు పంపు దగ్గర ఆగిన వైద్య నివేదికలు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ బ్యాక్టీరియా సాధారణంగా ఏమీ చెయ్యదు. పసిపిల్లలు, కీమో తీసుకుంటున్నవాళ్ళు, మానని గాయం ఉన్నవాళ్ళు ఉన్న ఇంట్లో మాత్రం అలా వదిలెయ్యలేం.

మన దగ్గర దీనికి తోడు ఇంకో అలవాటు ఉంది, నీళ్ళు కలపడం. అమీర్‌పేటలో మా పిన్ని ఒక లేడీస్ హాస్టల్ నడుపుతుంది. కోచింగ్‌కి వచ్చిన అమ్మాయిలూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళూ కలిపి నలభై మంది దాకా ఉంటారు. భోజనాల గది పక్కన వరుసగా వాష్‌బేసిన్లు, వాటి పైన గోడకి పోసి నింపే డిస్పెన్సర్లు. ఒకసారి పిన్ని ఫోన్ చేసి, "సబ్బు వాసనొస్తోందని పిల్లలు గోల చేస్తున్నారే, ఒకసారి వచ్చి చూడు" అంది. వెళ్ళి నొక్కితే సబ్బు వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా జారిపోయింది. వాసన పుల్లగా ఉంది. మూత తీస్తే పై అంచు చుట్టూ గులాబీ రంగు జిగురు పేరుకుని ఉంది. పనిచేసే అక్కని అడిగితే దాచకుండానే చెప్పింది: "చిక్కగా ఉంటే పంపు పట్టేస్తుందమ్మా, అందుకే సగం నీళ్ళు పోస్తా. క్యాను కూడా ఎక్కువ రోజులొస్తుంది." ఆ నీళ్ళు పైన ట్యాంకులో నిలవున్న బోరు నీళ్ళు.

ఆమెని తప్పు పట్టలేను. పంపు పట్టేస్తుందన్నది నిజమే. కానీ సగం నీళ్ళు పోస్తే ప్రిజర్వేటివ్ కూడా సగానికి పలచబడుతుంది, ట్యాంకు నీళ్ళతో కొత్త బ్యాక్టీరియా లోపలికి వెళ్తుంది. ఆదా కూడా ఉండదు. పలచటి సబ్బుకి నురగ రాకపోతే అమ్మాయిలు ఒకసారి బదులు రెండుసార్లు, మూడుసార్లు నొక్కుతారు. నీళ్ళలో కలుపుకునే హ్యాండ్‌వాష్ పొడి ప్యాకెట్లు వేరే సంగతి. ఎన్ని నీళ్ళు కలపాలో చూసి దానికి తగ్గట్టే తయారుచేస్తారు. దాన్ని కూడా కడిగి ఆరబెట్టిన సీసాలోనే కలపాలి.

వాసన, పలచబడటం, రంగు మారడం, జిగురు తీగలు సాగడం, ఇవి చెడిపోయిన సబ్బు గుర్తులు. అయితే ఇవేవీ లేకుండా, మంచి సువాసనతో, చిక్కగా ఉన్న సబ్బు కూడా కలుషితమై ఉండొచ్చు. ముక్కుతో పట్టుకోలేం. అందుకని గుర్తులు కనిపించేదాకా ఆగకుండా, నింపే పద్ధతినే చూడాలి.

"కడిగిస్తే సరిపోదా తల్లీ?" అని అడిగింది పిన్ని. ఒక్కసారి కడిగితే సరిపోదు. కలుషితమైన డిస్పెన్సర్లని వేడినీళ్ళతోనూ బ్లీచుతోనూ కడిగి చూసిన పరిశోధన ఒకటి ఉంది. కడిగిన కొద్ది రోజుల్లోనే బ్యాక్టీరియా మళ్ళీ పెరిగింది, ఎందుకంటే పంపు లోపల అంటుకున్న పొర పూర్తిగా పోలేదు. అందుకే హాస్టల్లో ఉన్న పాత డబ్బాలని కడిగే ప్రయత్నం మానేసి, వాటిని తీసేయించాను. వాటికి లోపలి గిన్నె విడిగా బయటికి రాదు, గోడ మీద ఉండగా కడగడం ఎలాగూ కుదరదు.

ఖర్చు గురించి పిన్నికి కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇది. నలభై మంది రోజుకి ఐదుసార్లు కామన్ బేసిన్ దగ్గర కడుక్కుంటే రోజుకి 200 సార్లు, నెలకి 6,000 సార్లు. మనిషి ఒక్కసారికి ఎంత సబ్బు వాడతాడన్నదానికి, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ప్రచురించిన అంకెలు తీసుకున్నాను. లిక్విడ్ అయితే సగటున 2.3 గ్రాములు, బిళ్ళ అయితే 0.35 గ్రాములు. దాదాపు ఆరున్నర రెట్ల తేడా. పంపు తను ఇవ్వదలచుకున్నంత ఇస్తుంది, బిళ్ళ మీద చెయ్యి కావాల్సినంతే తీసుకుంటుంది, తేడా అక్కడ వస్తుంది.

ఐదు లీటర్ల క్యాను 450 రూపాయలనుకుంటే మిల్లీలీటరు 9 పైసలు. నెలకి దాదాపు 13.8 లీటర్లు, అంటే సుమారు 1,240 రూపాయలు. బిళ్ళ అయితే 2.1 కిలోలు, వంద గ్రాముల బిళ్ళలు 21. ఒక్కోటి 35 రూపాయలనుకుంటే 735. కానీ పదిమంది వాడే చోట బిళ్ళ మొత్తం చేతికి రాదు. నానిపోయేది కొంత, సందులో పడి పోయేది కొంత, ఎవరో గదికి పట్టుకెళ్ళిపోయేది కొంత. సగం అదనంగా వేసుకుంటే 32 బిళ్ళలు, 1,120 రూపాయలు. అంటే హాస్టల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు. సీలు సంచీ 800 మిల్లీలీటర్లది 200 రూపాయలనుకుంటే మిల్లీలీటరు పావలా. దాని పంపు తక్కువ ఇచ్చి, ఒక్కసారికి 1.5 మిల్లీలీటర్లతో సరిపోయిందనుకున్నా నెలకి 2,250 రూపాయలవుతుంది. పిన్ని ఆ అంకె చూసి కాగితం పక్కన పెట్టేసింది.

ఈ లెక్కలో మన చేతిలో ఉన్నది ఒక్కటే, పంపు ఒక్కో నొక్కుకి ఎంత ఇస్తుందన్నది. డిస్పెన్సర్ కొనే ముందో, కొన్న వెంటనేనో కొలత గీతలున్న గ్లాసులోకి ఇరవైసార్లు నొక్కి, వచ్చినదాన్ని ఇరవైతో భాగించండి. 1 మిల్లీలీటరు దగ్గర ఉంటే మంచిది. 2 దాటితే అది సబ్బుని కాలవలోకి పంపే యంత్రం. నురగగా వచ్చే ఫోమ్ పంపులు ఇంకా తక్కువ ఇస్తాయి, కానీ వాటికి పలచటి ద్రావణమే పొయ్యాలి. మామూలు చిక్కటి సబ్బు పోస్తే జాలీ మూసుకుపోతుంది.

పంపు ప్రస్తావన వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. 1980లో అమెరికాలో సాఫ్ట్‌సోప్ అనే పంపు సీసా సబ్బు తెచ్చిన రాబర్ట్ టేలర్‌కి, పెద్ద కంపెనీలు తన ఆలోచనని వెంటనే కాపీ కొడతాయని తెలుసు. సబ్బు ఎవరైనా తయారుచేస్తారు. అందుకని పంపులు చేసే కంపెనీలకి పది కోట్ల పంపులు ముందే ఆర్డరిచ్చి, పోటీదారులకి దొరక్కుండా చేశాడు. ఈ వస్తువులో కష్టమైన భాగం పంపేనన్నది ఆయనకి అంత బాగా తెలుసు. మన గోడల మీద ముందు చెడిపోయేదీ అదే. నోటి దగ్గర సబ్బు ఎండి గట్టిపడితే ధార పక్కకి చిమ్మి అద్దం మీదో చొక్కా మీదో పడుతుంది. లోపలి స్ప్రింగు తుప్పు పడితే నొక్కిన బటన్ వెనక్కి రాదు. వాల్వులో చిన్న పలుకు ఇరుక్కుంటే చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం సగం ఖాళీ అయిన డబ్బాలో గాలి వేడికి వ్యాకోచించి, ఎవరూ నొక్కకుండానే సబ్బుని బయటికి నెడుతుంది.

అందుకే డిస్పెన్సర్ పెడితే బేసిన్ చుట్టూ చిందరవందర ఉండదని జనం అనే మాటకి నేను సగమే ఒప్పుకుంటాను. ఒప్పుకునే సగం బోరు నీళ్ళ గురించి. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బు బిళ్ళతో కలిసి కరగని తెల్లటి మడ్డిగా మారి బేసిన్‌కీ కుళాయికీ పట్టేస్తాయి. హైదరాబాద్ శివార్లలో, రాయలసీమలో బోరు మీద బతికే ఇళ్ళలో దీన్ని గోకి గోకి విసిగిపోయినవాళ్ళు ఎందరో. హ్యాండ్‌వాష్‌లు ఎక్కువగా సింథటిక్ డిటర్జెంట్‌తో చేసినవి, అవి ఆ బోరు నీళ్ళతో అలా విరగవు, బేసిన్ శుభ్రంగా ఉంటుంది. ఒప్పుకోని సగం నేల గురించి. డిస్పెన్సర్‌ని బేసిన్ పక్కన గోడకి బిగిస్తే కారే ప్రతి చుక్కా గ్రానైట్ గట్టు మీదో నేల మీదో పడుతుంది. టైల్స్ మీద కనిపించని లిక్విడ్ సబ్బు చుక్క సబ్బు బిళ్ళ కంటే ప్రమాదం. బిళ్ళ కింద పడితే కనీసం కంటికి కనిపిస్తుంది. నోరు బేసిన్ గుంటకి సరిగ్గా పైన ఉండేలా, డ్రిల్ చేసి రెండు స్క్రూలతో బిగించాలి. డబుల్ టేపుతో అంటించినవి తడి గోడ మీద నిండు డబ్బా బరువుకి ఏదో ఒక రాత్రి ఊడిపడతాయి.

బిళ్ళ వైపు చిందరవందరకి మందు చాలా చవక. అడుగున చిల్లులూ, చిల్లుల కింద గాలీ ఆడే స్టాండు కావాలి, కుళాయి నీళ్ళు చిందని చోట ఉండాలి. గాడులున్నంత మాత్రాన చాలదు, గాడుల్లో నీళ్ళు నిలిస్తే పింగాణీ గిన్నెకీ దానికీ తేడా లేదు. కొత్త బిళ్ళని దారంతోనో కత్తితోనో రెండు ముక్కలు చేసి, ఒకటి వాడుతుంటే ఇంకోటి పొడిగా దాచుకుంటే నానేది సగానికి తగ్గుతుంది. కొనేటప్పుడు రేపర్ మీద టీఎఫ్ఎమ్ అంకె చూడండి. సబ్బులో అసలైన కొవ్వు పదార్థం శాతం అది. భారత ప్రమాణాల ప్రకారం 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు టాయిలెట్ సోప్. 'బాతింగ్ బార్' అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటే అది వేరే కోవ, అందులో 40 శాతం ఉన్నా చాలు. తక్కువ శాతం బిళ్ళలు నా అనుభవంలో త్వరగా మెత్తబడి స్టాండుకి అతుక్కుపోతాయి, రెండు రూపాయలు తక్కువకి కొన్నది ముద్దగా పోతుంది. చివరికి మిగిలిన పలచటి చీలికని కొత్త బిళ్ళకి అతికించే అమ్మల అలవాటు కూడా మంచిదే, రెండూ తడిగా ఉన్నప్పుడు నొక్కి ఒక పూట ఆరనిస్తే విడిపోవు.

ఇంటి లెక్క హాస్టల్ లెక్కలాంటిది కాదు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకి ఆరుసార్లనుకుంటే నెలకి 720 సార్లు. బిళ్ళ అయితే పావు కిలో, మంచి స్టాండు ఉంటే దాదాపు అంతా చేతికే వస్తుంది. బిళ్ళ 40 రూపాయలనుకున్నా నెలకి వంద. లిక్విడ్ అయితే ఒకటిన్నర లీటరు పైమాట. ఇంటికి ఎవరూ క్యాను కొనరు, 675 మిల్లీలీటర్ల రీఫిల్ ప్యాకెట్టు వంద రూపాయలనుకుంటే నెలకి 245 దాకా అవుతుంది. రెట్టింపు కంటే ఎక్కువ. డిస్పెన్సర్ ధర, పంపు చెడితే మార్చే ధర ఇందులో లేవు. ఇంట్లో వాడేది మనవాళ్ళే, బిళ్ళ ఆరడానికి మధ్యలో సమయం ఉంటుంది, ఎవరూ ఎత్తుకుపోరు. ఇంటికి సబ్బు బిళ్ళే సరైనదని నా గట్టి అభిప్రాయం. వేళ్ళు వంగని పెద్దవాళ్ళకి, తడి బిళ్ళ పట్టుకోలేని చిన్నపిల్లలకి మాత్రం పంపు కావాలి. వాళ్ళ కోసం గోడకి డ్రిల్ చెయ్యక్కర్లేదు. ఒక పంపు సీసా చాలు, అయిపోయాక కడిగి పూర్తిగా ఆరాకే నింపుకోవచ్చు.

హాస్టల్ లాంటి చోట బిళ్ళ పెట్టమని నేను చెప్పలేను. మనిషి వెంట మనిషి వచ్చే బేసిన్ దగ్గర బిళ్ళ ఎప్పటికీ ఆరదు, తడి ముద్ద చూసి సగం మంది ముట్టరు. ముట్టకపోతే చేతులు కడగరు. అక్కడ డిస్పెన్సరే ఉండాలి. పిన్ని హాస్టల్లో చివరికి కుదిరింది ఇలా: లోపలి గిన్నె పంపుతో సహా బయటికి వచ్చే రకం కొన్నాం, ఒక్కో డిస్పెన్సర్‌కి రెండేసి గిన్నెలు. గోడ మీది గిన్నె పూర్తిగా ఖాళీ అయ్యాక దాన్ని తీసేసి, ఆరి ఉన్న రెండోదాన్ని నింపి పెడతారు. తీసిన గిన్నెని వేడినీళ్ళతో కడిగి, పంపులోంచి వేడినీళ్ళు ధార శుభ్రంగా వచ్చేదాకా నొక్కి, విప్పి, బోర్లించి కనీసం ఒక పగలూ రాత్రీ ఆరబెడతారు. కడగడం కంటే ఆరడమే ముఖ్యమని పనిచేసే అక్కకి మళ్ళీ మళ్ళీ చెప్పాను, ఎందుకంటే ఆ పొర పెరగాలంటే తడి కావాలి. నింపిన తేదీ గిన్నె అడుగున మార్కర్‌తో రాస్తారు. నీళ్ళు కలపరు. పంపు పట్టెయ్యకుండా కొంచెం పలచటి రకం హ్యాండ్‌వాషే కొంటున్నారు. డబ్బా ఒక పూట ఖాళీగా కనిపించినా ఆమెని ఎవరూ ఏమీ అనకూడదని పిన్నితో మాట తీసుకున్నాను. అన్నిటికంటే కష్టంగా ఒప్పుకున్నది అదే.

క్యాను విషయంలో ఇంకా పేచీ ఉంది. వీధి చివర ఫినాయిల్, యాసిడ్ అమ్మే కొట్టులో లేబుల్ లేని క్యాను మూడొందలకే వస్తోందని పిన్ని అంటుంది. హ్యాండ్‌వాష్ మన దేశంలో చట్టప్రకారం కాస్మెటిక్ కిందికి వస్తుంది. క్యాను మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ ఉండాలి. అవి లేని క్యానులో ప్రిజర్వేటివ్ ఎంత ఉందో, అసలు ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. అలాంటిది ఎంత శుభ్రమైన గిన్నెలో పోసినా చెడిపోయిన సరుకే పోసినట్టు కావచ్చు. క్యాను తెరిచాక నెలన్నరలో అయిపోయేంతే కొనమనీ, మూత ఎప్పుడూ బిగించి బాత్రూంలో కాకుండా పొడి అల్మారాలో పెట్టమనీ చెప్పాను. మూడొందల క్యాను గురించి మళ్ళీ అడిగితే, లేబుల్ ఫోటో తీసి పంపు పిన్నీ, చూసి చెబుతాను అన్నాను. ఇంతవరకు ఫోటో రాలేదు.